అవార్డు జూన్‌లో, బుక్స్ మార్చివి: లారీ కేసుకి ప్రొవిజన్ పెట్టాలా, నోట్ చాలా?

ప్రశ్న: సార్, నేను రాయగడలో ఒక ప్రైవేట్ లిమిటెడ్ రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. 2022 నవంబర్‌లో మా లారీ పార్వతీపురం దగ్గర బైకుని గుద్దింది, ఒకాయన చనిపోయాడు. వాళ్ళ ఇంటివాళ్ళు 2023 ఏప్రిల్ మొదట్లో 60 లక్షలకి క్లెయిమ్ వేశారు. 2025 జూన్‌లో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ అవార్డు వచ్చింది: 32 లక్షలు, పిటిషన్ తేదీ నుంచి 7.5 శాతం వడ్డీ. ప్రమాదం రోజుకి డ్రైవర్ లైసెన్స్ గడువు అయిపోయి ఉందని, బీమా కంపెనీ ముందు కట్టి మా దగ్గర వసూలు చేసుకోవచ్చని రాశారు. 2024-25 బుక్స్ మీద ఇంకా సంతకాలు కాలేదు. ఆడిటర్ గారు ప్రొవిజన్ పెట్టమంటున్నారు. ఎండీ గారేమో అవార్డు మార్చి తర్వాత వచ్చింది, అప్పీలుకి వెళ్తున్నాం, నోట్ చాలు, ప్రొవిజన్ పెడితే తప్పు ఒప్పుకున్నట్టే అంటున్నారు. ఇంకో కేసు కూడా ఉంది: మా బాయిలర్ బూడిద పడి పంట పోయిందని పక్క రైతు 8 లక్షలకి దావా వేశాడు. మధ్యలో నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట సరైనది?

జవాబు:

తమ్ముడూ, లారీ కేసులో మీ ఆడిటర్ గారి మాటే సరైనది. 2024-25 బుక్స్‌లోనే ప్రొవిజన్ పెట్టాలి. బూడిద కేసులో మాత్రం, మీరు చెప్పినంతవరకు, ఈ ఏడాదికి నోట్ సరిపోతుంది. రెండూ దావాలే అయినా రెండు చోట్లకి ఎందుకు వెళ్తాయో అర్థమైతే ఎండీ గారికి మీరే చెప్పగలరు. నేను బరంపురం, గుణుపురం, రాయగడ వైపు మిల్లులకి, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలకి ముప్పై ఏళ్ళ పైగా లెక్కలు చూశాను. ఈ వాదన దాదాపు ప్రతి సెప్టెంబర్‌లోనూ ఏదో ఒక ఆఫీసులో విన్నాను.

మీ కంపెనీకి వర్తించేది అకౌంటింగ్ స్టాండర్డ్ 29, అంటే ఏఎస్ 29. అందులో ప్రొవిజన్ పెట్టడానికి మూడు విషయాలు కుదరాలి. జరిగిపోయిన ఒక సంఘటన వల్ల బ్యాలెన్స్ షీట్ తేదీకే మన మీద బాధ్యత ఉండాలి. దాన్ని తీర్చడానికి డబ్బు బయటికి వెళ్ళే అవకాశం, వెళ్ళకపోయే అవకాశం కంటే ఎక్కువగా ఉండాలి. మొత్తాన్ని నమ్మదగ్గట్టు అంచనా వేయగలగాలి. మూడూ ఉంటే ఖర్చు రాసి బాధ్యత చూపించాల్సిందే, ఇష్టాయిష్టాలతో పని లేదు. ఏ ఒక్కటి కుదరకపోయినా అది కంటింజెంట్ లయబిలిటీ, నోట్స్‌లో చెబితే చాలు. డబ్బు పోయే అవకాశం బొత్తిగా లేదనిపిస్తే నోట్ కూడా అక్కర్లేదు. ఇంతే నియమం. తగాదా అంతా దీన్ని ఏ తేదీకి, ఏ సాక్ష్యంతో చూడాలన్న దగ్గరే వస్తుంది.

ముందు తేదీ సంగతి. ఎండీ గారు అవార్డునే సంఘటన అనుకుంటున్నారు. కాదు, సంఘటన ప్రమాదం. అది 2022 నవంబర్‌లోనే జరిగిపోయింది. మీ లారీ వల్ల నష్టపోయిన కుటుంబం పట్ల బాధ్యత అంటూ ఉంటే అది ఆ రోజే పుట్టింది. ట్రిబ్యునల్ ఆ బాధ్యతని జూన్‌లో పుట్టించలేదు, ఉందని తేల్చి లెక్క కట్టింది. బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత, బోర్డు లెక్కలు ఆమోదించేలోపు వచ్చిన సమాచారం, ఆ తేదీకి ఉన్న పరిస్థితి మీద వెలుగు వేస్తే దాని ప్రకారం లెక్కలు సవరించాలని ఏఎస్ 4 చెబుతుంది. మీ అవార్డు సరిగ్గా అలాంటిది. ఒకవేళ ప్రమాదమే 2025 ఏప్రిల్‌లో జరిగి ఉంటే, అప్పుడు ఎండీ గారి మాట నిలబడేది. మార్చి 31కి బాధ్యతే లేదు కాబట్టి ఆ ఏడాది బుక్స్‌లో ప్రొవిజన్ ఉండదు. ఆయనకి ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టి చూపించండి. నా అనుభవంలో ఎక్కువమంది ఇక్కడే ఒప్పుకుంటారు.

ఇక సాక్ష్యం. ఈ ఒక్క కేసే మూడు మార్చిల్లో మూడు రకాలుగా ఎలా కనిపించిందో చూద్దాం. మీరు రాయనివి కొన్ని ఇలాంటి ఫైళ్ళలో మామూలుగా ఉండేవాటిని బట్టి అనుకుంటున్నాను, మీ ఫైలుతో సరిచూసుకోండి.

2023 మార్చి 31కి మీ దగ్గర ఎఫ్‌ఐఆర్ ఉంది, బహుశా డ్రైవర్ మీద చార్జిషీట్ కూడా పడి ఉంటుంది. క్లెయిమ్ ఇంకా పడలేదు. అయినా లారీకి పాలసీ ఉంది, ప్రమాదం సంగతి బీమా కంపెనీకి తెలియజేశారు, వాళ్ళు కాదనలేదు. మోటారు ప్రమాదాల కేసుల్లో యజమాని, బీమా కంపెనీ ఇద్దరూ కలిసి బాధ్యులు. అలాంటి ఉమ్మడి బాధ్యతలో అవతలివాళ్ళు కడతారని అనుకునే భాగాన్ని ఏఎస్ 29 కంటింజెంట్ లయబిలిటీగానే చూస్తుంది. కాబట్టి ఆ ఏడాది ఒక చిన్న నోట్ చాలు. క్లెయిమ్ నోటీసు రాలేదని అసలేమీ రాయకపోవడం మాత్రం తప్పే. మనిషి చనిపోయి, మన డ్రైవర్ మీద చార్జిషీట్ పడ్డాక క్లెయిమ్ వస్తుందని అందరికీ తెలుసు.

2024 మార్చి 31కి బొమ్మ మారింది. బీమా కంపెనీ ట్రిబ్యునల్‌కి ఇచ్చిన జవాబులో, అంటే కౌంటర్‌లో, లైసెన్స్ గడువు అయిపోయిందని రాసి ఉంటుంది. ఇక అవతలివాళ్ళు కడతారన్న ధీమా పోయింది. అయితే అది వాళ్ళ వాదన మాత్రమే, ఇంకా రుజువు కాలేదు. లైసెన్స్ విషయంలో బీమా కంపెనీ తప్పించుకోవాలంటే యజమాని తెలిసో, కనీస జాగ్రత్త లేకో అలా నడిపించాడని చూపించాలని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వకీలు గారు అప్పట్లో ‘రెండు వైపులా అవకాశం ఉంది’ అని ఉంటే, ప్రొవిజన్ లేకుండా వివరమైన నోట్ పెట్టడం సమర్థించుకోదగ్గ నిర్ణయమే.

2025 మార్చి 31కి వచ్చేసరికి సాక్ష్యాలు ముగిసి ఉంటాయి. ఆర్‌టీఓ ఆఫీసు నుంచి లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్ వచ్చి ఎగ్జిబిట్‌గా పడి ఉంటుంది. అందులో గడువు తేదీ, రెన్యువల్ తేదీ, మధ్యలో ప్రమాదం తేదీ, మూడూ ఎవరైనా చదువుకోవచ్చు. మీ తరఫున రెన్యువల్ గురించి ఎప్పుడైనా అడిగినట్టు ఒక్క కాగితమైనా దాఖలైందా? కాకపోతే, అవార్డు రాకముందే డబ్బు పోయే అవకాశం ఎక్కువ వైపుకి తూగిపోయింది. అంటే జూన్‌లో అవార్డు రాకపోయినా ఈ ఏడాది ప్రొవిజన్ అవసరమే అని నా ఉద్దేశం. అవార్డు వచ్చాక అంచనా తేలికైంది, అంతే.

అవార్డు రానప్పుడు మొత్తం ఎలా అంచనా వేయాలో కూడా తెలుసుకోండి. ‘ట్రిబ్యునల్ ఎంత ఇస్తుందో ఎవరికి తెలుసు, అంచనా వేయలేం, కాబట్టి నోట్ చాలు’ అన్న మాట తరచు వింటాను. అంచనా వేయలేని కేసులు చాలా అరుదని స్టాండర్డే చెబుతుంది. మోటారు ప్రమాదాల విషయంలో ఆ సాకు అసలు చెల్లదు, ఎందుకంటే లెక్క పద్ధతిని సుప్రీంకోర్టే 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేఠీ తీర్పుల్లో స్థిరపరిచింది.

చనిపోయినాయన వయసు 34, తాపీ పని, నెలకి 15,000 సంపాదన అనుకుందాం. సొంత పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి, 21,000 అవుతుంది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, మొత్తం నలుగురు ఆధారపడ్డవాళ్ళు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి. మిగిలేది నెలకి 15,750, ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ళ వయసుకి గుణకం 16. అంటే 30,24,000. దీనికి కుటుంబసభ్యుల ఎడబాటుకి, అంత్యక్రియలకి, ఎస్టేట్ నష్టానికి ఇచ్చే స్థిర మొత్తాలు కలపాలి. అవి 2017లో 40,000, 15,000, 15,000గా పెట్టి, మూడేళ్ళకోసారి పది శాతం పెంచమన్నారు. నలుగురికీ ఎడబాటు మొత్తం కలిపితే ఇవన్నీ సుమారు 2.3 లక్షలు. మొత్తం 32.5 లక్షల చిల్లర. మీకు వచ్చిన అవార్డు 32 లక్షలు. వకీలు గారితో అరగంట కూర్చుంటే మార్చిలోనే తేలే లెక్క ఇది. క్లెయిమ్‌లో రాసిన 60 లక్షలు అంచనాకి ఆధారం కాదు. దాన్ని చూసి భయపడి ఏమీ రాయకపోవడం, లేక భయపడి 60 లక్షలూ రాసేయడం, రెండూ పొరపాటే.

ఇంకో పొరపాటు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది చదువుకున్నవాళ్ళే చేస్తారు. ‘ఓడిపోయే అవకాశం 60 శాతం కదా, 32 లక్షల్లో 60 శాతం, 19 లక్షలు పెడదాం’ అంటారు. మధ్యే మార్గంలా వినిపిస్తుంది, ఎండీకీ ఆడిటర్‌కీ రాజీ కుదిరినట్టుంటుంది. కానీ ఈ కేసులో 19 లక్షలు కట్టే పరిస్థితి అంటూ ఏదీ లేదు. కడితే 32 లక్షలు, వడ్డీ. కట్టకపోతే సున్నా. ఒకే ఒక్క కేసు ఉన్నప్పుడు ఎక్కువగా జరిగేది ఏదో దాన్నే తీసుకోవాలి. శాతాలతో గుణించడం, వెయ్యి బస్తాలు అమ్మి అందులో ఎన్ని వాపస్ వస్తాయో లెక్క వేసేలాంటి చోట్ల, అంటే ఒకే రకం బాధ్యతలు చాలా ఉన్నచోట పనికొస్తుంది. అదే లెక్కని తిప్పి, ఓడిపోయే అవకాశం 40 శాతమే అన్నచోట 40 శాతం ప్రొవిజన్ పెట్టడమూ తప్పే. అక్కడ ప్రొవిజన్ సున్నా, నోట్‌లో మాత్రం పూర్తి మొత్తం.

మీ ఎంట్రీ ఇలా ఉంటుంది. అసలు 32,00,000. దాని మీద 7.5 శాతం అంటే ఏడాదికి 2,40,000. పిటిషన్ 2023 ఏప్రిల్ మొదట్లో పడింది కాబట్టి 2025 మార్చి 31కి రెండేళ్ళు, 4,80,000. కలిపి 36,80,000 లాభనష్టాల ఖాతాలో ఖర్చు, బ్యాలెన్స్ షీట్‌లో ప్రొవిజన్. పిటిషన్ నంబరు పడిన తేదీ చూసి రోజులు సరిచేసుకోండి. ఏప్రిల్ నుంచి నెలకి 20,000 చొప్పున పెరిగే వడ్డీ 2025-26 ఖర్చు, దాన్ని ఇప్పుడే కలపకండి. అప్పీలుకి మీ వకీలు గారికి ఇవ్వబోయే ఫీజు కూడా ఇందులో రాదు, ఆయన పని చేసినప్పుడు అది ఆ ఏడాది ఖర్చు.

బీమా కంపెనీ ముందు కడుతుంది కదా, మరి మనకెందుకు ప్రొవిజన్ అని ఎవరైనా అడుగుతారు. కట్టి ఊరుకోదు. వేరే దావా వేయాల్సిన పని లేకుండానే మీ దగ్గర వసూలు చేసుకోవచ్చని అవార్డులోనే ఉంది. మీ బాధ్యత మొత్తంలో మారదు, ఎవరికి కట్టాలన్నదే మారుతుంది: ఆ కుటుంబానికి బదులు బీమా కంపెనీకి. అలాగే ‘పాలసీ ఉంది కదా, రావలసిన సొమ్ముగా అసెట్ చూపిద్దాం’ అన్నా కుదరదు. బయటివాళ్ళు తిరిగి ఇస్తారన్న సొమ్ముని అసెట్‌గా చూపాలంటే అది వస్తుందన్నది దాదాపు ఖాయమై ఉండాలి. ఖర్చు వైపు ‘ఎక్కువ అవకాశం’ చాలు, రాబడి వైపు ‘దాదాపు ఖాయం’ కావాలి. ఈ తేడా కావాలనే పెట్టారు. మీ విషయంలో బీమా కంపెనీ ఎదురు తిరిగి నిలబడింది, ఖాయం అన్న మాటే లేదు.

అప్పీలు సంగతికి వద్దాం. అప్పీలు వేయడం వల్ల ప్రొవిజన్ పోదు. అప్పీలు వేయాలన్న నిర్ణయం మన చేతిలో ఉంది, ఫలితం మన చేతిలో లేదు. స్టాండర్డ్ అడిగేది ఫలితం గురించి. కాబట్టి వకీలు గారిని అడగాల్సింది, అప్పీలులో గెలిచే అవకాశం ఓడే అవకాశం కంటే ఎక్కువ అని ఏ కాగితం చూసి అంటున్నారు అని. ‘మన కేసు బలంగా ఉంది’ అన్న రెండు లైన్ల ఉత్తరం మీద ఆధారపడకండి. లైసెన్స్ మీద ట్రిబ్యునల్ చెప్పినదాన్ని ఏ సాక్ష్యంతో ఎదుర్కొంటారు, డ్రైవర్ తప్పు లేదని అంటున్నారా లేక బైకు నడిపినాయన తప్పు కూడా ఉందని అంటున్నారా, మొత్తం తగ్గితే ఎంతకి తగ్గుతుంది, ఇవి విడివిడిగా రాసి ఇవ్వమనండి. ప్రమాదం ఆంధ్ర వైపు, కేసు ఆంధ్ర వైపు కాబట్టి అప్పీలు వెళ్ళేది కటక్‌కి కాదు, అమరావతిలోని హైకోర్టుకి. కటక్‌లో ఉన్న తెలిసిన వకీలు ఫోన్‌లో చెప్పిన అభిప్రాయాన్ని ఫైలులో పెట్టొద్దు. ఆ రికార్డు చదివినాయన సంతకం ఉండాలి. అప్పీలుతో పాటు 25,000 గానీ, అవార్డులో సగం గానీ, ఏది తక్కువైతే అది డిపాజిట్ చేయాలి. మీకు 25,000. దాన్ని ఖర్చు రాయకండి, ప్రొవిజన్‌లోంచి తీసేయకండి. కోర్టులో ఉన్న డిపాజిట్‌గా అసెట్ వైపు ఉంచండి.

ఒక్క చోట మాత్రం నా మాట మారవచ్చు. డ్రైవర్ పర్సనల్ ఫైలు తీసి చూడండి. లైసెన్స్ గడువు అయ్యేముందు మీ ఆఫీసు అతన్ని రెన్యువల్ చేయించుకోమని రాసిన కాగితం, అతను రెన్యువల్‌కి కట్టిన రసీదు తెచ్చి చూపించిన జాడ, అలాంటిదేదైనా దొరికితే వెంటనే వకీలుకి పంపండి. యజమాని చేయాల్సిన జాగ్రత్త చేశాడని చూపించే కాగితం ఉంటే, వసూలు చేసుకోమన్న భాగం అప్పీలులో ఎగిరిపోయే అవకాశం నిజంగానే పెరుగుతుంది. అప్పుడు అది ఎక్కువ వైపుకి తూగుతుందని వకీలు గారు కారణాలతో రాసిస్తే, ప్రొవిజన్ లేకుండా నోట్ పెట్టడం గురించి ఆడిటర్ గారితో మాట్లాడొచ్చు. ఉద్యోగంలో చేరినప్పటి జిరాక్స్ ఒక్కటే ఉంటే సరిపోదు. పక్క ఊరి ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ ఫైలులో నేను చూసింది అదే: పదేళ్ళ నాటి జిరాక్స్, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. పైగా కేసు ఆంధ్రలో ఉంది కదా అని సమన్లు వచ్చినా ఎవరూ వెళ్ళలేదు. ఎక్స్‌పార్టీ అయిపోయింది. బుక్స్‌లో మూడేళ్ళు ‘వివాదంలో ఉంది’ అన్న ఒక్క లైను నోట్. నాలుగో ఏడు మొత్తం ఒకేసారి ఖర్చు పడింది, అదే ఏడు బ్యాంకు వాళ్ళ క్యాష్ క్రెడిట్ రెన్యువల్ కూడా వచ్చింది. ఆ రోజు ఆ యజమాని ముఖం నాకు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి వాహనాలున్న ప్రతి కంపెనీలో మార్చి నెలలో డ్రైవర్ల లైసెన్స్ గడువు తేదీలు రాసి తెమ్మంటాను.

‘ప్రొవిజన్ పెడితే ఒప్పుకున్నట్టే’ అన్న భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. బ్యాలెన్స్ షీట్‌లో అప్పు చూపిస్తే అది లిమిటేషన్, అంటే దావా వేసే గడువు విషయంలో ఒప్పుకోలు కావచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పక్కన ఏ మాటలు రాశారన్నది కూడా చూడాలని అదే తీర్పు చెప్పింది. పైగా అది తీసుకున్న అప్పు సంగతి. మీ కేసులో ట్రిబ్యునల్ ఇప్పటికే తేల్చేసింది. అప్పీలులో హైకోర్టు చూసేది సాక్ష్యాల్ని, మీ లెడ్జర్‌ని కాదు. అయినా ఎండీ గారి మనసు కుదుటపడటానికి బోర్డు తీర్మానంలో, నోట్‌లో ఒక వాక్యం పెట్టండి: అకౌంటింగ్ స్టాండర్డ్ ప్రకారం ఈ ప్రొవిజన్ చేశాం, కంపెనీ బాధ్యతని ఒప్పుకోవడం లేదు, అప్పీలు హక్కుకి దీనివల్ల భంగం లేదు. వివరాలు బయటపెడితే కేసు దెబ్బతింటుందనుకునే చాలా అరుదైన సందర్భాల్లో వివరాలు తగ్గించి రాయడానికి స్టాండర్డ్ ఒప్పుకుంటుంది. కానీ ఆ మినహాయింపు వివరాలకే. ప్రొవిజన్ మానేయడానికి కాదు.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. ఇదే కేసులో ప్రొవిజన్, నోట్ రెండూ రావచ్చు. 32 లక్షలు తక్కువని ఆ కుటుంబం కూడా పెంచమని అప్పీలు వేయొచ్చు. అలా వేస్తే, లేదా వేస్తారనిపిస్తే, 60 లక్షలకీ 32 లక్షలకీ మధ్య ఉన్న 28 లక్షలు కంటింజెంట్ లయబిలిటీగా నోట్‌లో రావాలి. పైన చూపిన లెక్క ప్రకారం అంత పెరగడం కష్టమే, కానీ బొత్తిగా లేదని చెప్పలేం. నోట్‌లో ఇలా రాసుకోవచ్చు, భాష మీ ఆడిటర్ గారు సరిచేస్తారు:

‘2022 నవంబర్‌లో కంపెనీ వాహనం వల్ల జరిగిన ప్రమాదానికి సంబంధించి ట్రిబ్యునల్ 2025 జూన్‌లో ఇచ్చిన అవార్డు ప్రకారం వడ్డీతో సహా 36,80,000 రూపాయలకి ప్రొవిజన్ చేశాం. అవార్డు మీద కంపెనీ అప్పీలు చేయనుంది. క్లెయిమ్ చేసిన మొత్తంలో మిగిలిన 28,00,000 రూపాయలు, దానిపై వడ్డీ, క్లెయిమ్‌దారులు అప్పీలు చేసి గెలిస్తేనే చెల్లించాల్సి వస్తుంది. బీమా కంపెనీ నుంచి రాబడిని లెక్కలోకి తీసుకోలేదు.’

ఇప్పుడు రైతు దావా. ఇక్కడ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం: అసలు మన మీద బాధ్యత ఉందా? లారీ కేసులో లారీ మీది, డ్రైవర్ మీవాడు, గుద్దింది నిజం. ఇక్కడ పంట పోయింది మీ ఊక బూడిద వల్లేనా, తెగులు వల్లా, ఆ చుట్టుపక్కల వేరే చిమ్నీ ఉంటే దాని వల్లా అన్నది తేలలేదు. కోర్టు కమిషనర్ వచ్చి చూడలేదనుకుంటాను. అందుకే ఇది ఉండొచ్చు, ఉండకపోవచ్చు అనే స్థాయిలో ఉంది. కంపెనీ నోట్స్‌లో ‘అప్పుగా ఒప్పుకోని క్లెయిములు’ అన్న శీర్షిక కింద దావా స్వభావం, 8 లక్షల మొత్తం, ఏ కోర్టులో ఉంది, ఏ విషయం తేలాల్సి ఉంది అన్నవి రాయండి. ‘కేసు పెండింగ్‌లో ఉంది’ అని వదిలేయకండి. చిన్న కంపెనీలకి ప్రొవిజన్ కదలికల పట్టిక విషయంలో మినహాయింపు ఉంది గానీ, ఈ నోట్ విషయంలో లేదు. పెండింగ్ కేసుల ప్రభావాన్ని లెక్కల్లో చూపించారా లేదా అని ఆడిటర్ తన రిపోర్టులో విడిగా చెప్పాలి కూడా.

కానీ కాలుష్య నియంత్రణ మండలి నుంచి మీ మిల్లుకి బూడిద గురించి నోటీసు ఏదైనా వచ్చి ఉంటే, లేక మీ ఎండీ గారే ఆ రైతుని పిలిచి ఇంత ఇస్తానని మాట్లాడి ఉంటే, నాకు చెప్పండి. రాజీకి ఇస్తామన్న మొత్తం ఉంటే కనీసం ఆ మేరకైనా ప్రొవిజన్ గురించి ఆలోచించాలి. మన ప్రాంతంలో ఇలాంటివి ఊరి పెద్దల దగ్గర మాటల్లోనే తేలిపోతుంటాయి. అకౌంటెంట్‌కి తెలిసేది చెక్కు రాసే రోజే. సంతకాలకి ముందు ఆయన్ని నేరుగా అడగండి.

పాత సంవత్సరాల గురించి మీకు సందేహం రావచ్చు. సాక్ష్యం మారడం వల్ల ఇప్పుడు వచ్చిన ఖర్చు అంచనాలో మార్పు, కాబట్టి మొత్తం ఈ ఏడాది ఖర్చే. 2024 మార్చి నాటికి బీమా కంపెనీ కౌంటర్ చేతిలో ఉండి కూడా నోట్ పెట్టకపోతే అది అప్పటి లోపం. ఆ సంగతి ఆడిటర్ గారికి దాచకుండా చెప్పండి. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క వేరు: అక్కడ ట్యాక్స్ లెక్కలకి ఉన్న వేరే స్టాండర్డ్ ఐసీడీఎస్ 10 ప్రకారం ‘ఎక్కువ అవకాశం’ చాలదు, సహేతుకంగా ఖాయం అనిపించాలి. అవార్డు ఉన్నందున మీకు వాదన ఉంది, కానీ అప్పీలు వేశాక అధికారి ప్రశ్నించవచ్చు. రిటర్న్ వేసేముందు ట్యాక్స్ చూసేవారితో తేల్చుకుని, రెండింటికీ తేడా వస్తే డిఫర్డ్ ట్యాక్స్ రాయండి.

ఈ వారంలో వకీలు గారి ఉత్తరం, అవార్డు సర్టిఫైడ్ కాపీ, డ్రైవర్ ఫైలు, ఈ మూడూ దగ్గర పెట్టుకుని ఆడిటర్ గారితో కూర్చోండి. అవార్డు తేదీ నుంచి అప్పీలుకి 90 రోజులే గడువు, అది బోర్డు మీటింగ్ కంటే ముందే అయిపోవచ్చు. పర్సనల్ ఫైలులో ఏం దొరికిందో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి నోట్ మాటలు మళ్ళీ చూద్దాం.